పదేళ్లలో అమ్మాయి పెళ్లి: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు వెనక్కి తీయాలి

పెళ్లికి ఇంకా పదేళ్లుంది అనగానే అందరూ అడిగేది ఒక్కటే, ఎందులో పెడితే ఎక్కువ వస్తుంది అని. నన్నడిగితే అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటుంది. పెట్టిన డబ్బును ఏ ఏడాది నుంచి, ఎంత చొప్పున, ఎక్కడికి మార్చుకోవాలి? మొదటి ప్రశ్నకు ఊళ్లో వంద మంది సలహా ఇస్తారు, రెండోదాని గురించి ఎవరూ మాట్లాడరు. పెళ్లి ఖర్చు దగ్గర కుటుంబాలు దెబ్బతినేది మాత్రం ఎక్కువగా ఈ రెండోదాంట్లోనే.

గాలిలో లెక్కలు చెప్పకుండా మా తమ్ముడి ఇంటి లెక్కే చెబుతాను. వాళ్లుండేది విశాఖ గాజువాకలో. పాపకి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. చదువు అయ్యి, ఉద్యోగంలో చేరి, తనకి ఇష్టమయ్యాకే పెళ్లి. అందుకని 24వ ఏట అని, అంటే 2036 అని పెట్టుకున్నాం. ఇవాళ్టి ధరల్లో వాళ్లు అనుకునే పద్ధతిలో పెళ్లి చేస్తే బంగారం కాకుండా 12 లక్షలవుతుంది: ఫంక్షన్ హాలు, భోజనాలు, బట్టలు, డెకరేషన్, ఫొటోలు, బంధువుల రాకపోకలు అన్నీ కలిపి. ఈ లెక్కలో కట్నం అనే గడి లేదు, ఉండదు కూడా. 1961 నాటి చట్టం ప్రకారం అది నేరం, దానికోసం పొదుపు ప్లాన్ నేను వేసివ్వను.

ఏటా ఖర్చులు 7 శాతం పెరుగుతాయనుకుంటే 12 లక్షలు పదేళ్లకి దాదాపు 24 లక్షలవుతాయి. బంగారం విడిగా 100 గ్రాములు అనుకున్నారు. అందులో 20 గ్రాములు బారసాల నాటి నుంచీ వచ్చినవి ఇంట్లోనే ఉన్నాయి.

బంగారాన్ని గ్రాముల్లో, మిగతాది రూపాయల్లో లెక్కపెట్టండి

చాలామంది "పెళ్లికి 40 లక్షలు కావాలి" అని ఒకే అంకె వేసుకుంటారు. అక్కడే తికమక మొదలవుతుంది, ఎందుకంటే హాలువాడికి ఇవ్వాల్సింది రూపాయలు, అమ్మాయి మెళ్లోకి కావాల్సింది గ్రాములు. మేము కాగితం మీద లెక్క వేస్తున్నప్పుడు తమ్ముడు, చివరి మూడేళ్లలో బంగారం కూడా అమ్మేసి ఎఫ్‌డీలో పెట్టేద్దాం, అది కూడా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది కదా అన్నాడు. దానికి మా మరదలు, "బావగారూ, అమ్మి ఎఫ్‌డీలో వేశాక మళ్లీ కొనాల్సింది బంగారమే కదా, ఈలోగా రేటు పెరిగితే ఎలా?" అంది. సరిగ్గా చెప్పింది. కావాల్సింది 100 గ్రాములైతే చేతిలో 100 గ్రాములుండటమే భద్రత, ధర ఎటు పోయినా మీ గ్రాములు తగ్గవు. కాబట్టి బంగారం వాటాని పెళ్లి దగ్గర పడుతోందని మార్చాల్సిన పని లేదు.

ఇదే మాట తిప్పి చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. హాలు, భోజనాల ఖర్చు కోసం బంగారం దాచడం మాత్రం భద్రత కాదు. 2012 చివర్లో 10 గ్రాములు 31 వేల దగ్గర ఉన్న బంగారం 2015 మధ్యకి 25 వేల చిల్లరకు వచ్చింది. ఆ మూడేళ్ల మధ్యలో పెళ్లి పెట్టుకుని, బంగారం అమ్మి హాలు డబ్బులు కడదామనుకున్నవాళ్లకి అది పెద్ద దెబ్బే. ఇటీవలి పెరుగుదల చూసి బంగారం దిగదు అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక 80 గ్రాములు పోగెయ్యడం ఎలా? పదేళ్లు, ఏటా ఒక కాసు, అంటే ఏటా 8 గ్రాములు. నగల రూపంలో ఇప్పుడే కొనొద్దు. కురుపాం మార్కెట్‌లో కొన్నా, జగదాంబ దగ్గర పెద్ద షాపులో కొన్నా తరుగు, మజూరి, 3 శాతం జీఎస్టీ ఇప్పుడే కట్టేస్తారు. పదేళ్ల తర్వాత అమ్మాయి ఆ డిజైన్ వద్దంటే కరిగించి మళ్లీ తరుగు, మజూరి కట్టాలి. ప్రభుత్వం ఇచ్చే గోల్డ్ బాండ్లు దీనికి చాలా బాగుండేవి గానీ 2024 ఫిబ్రవరి తర్వాత కొత్తవి ఇవ్వలేదు. అందుకని డీమ్యాట్ ఖాతా ఉంటే షేర్లలాగా కొని అమ్ముకునే గోల్డ్ ఈటీఎఫ్, లేకపోతే గోల్డ్ మ్యూచువల్ ఫండ్ నా ఎంపిక. లాకర్ అక్కర్లేదు, దొంగల భయం లేదు, కొంచెం కొంచెంగా కొనుక్కోవచ్చు. ఒక లోపం ఉంది, చివర్లో అమ్మినప్పుడు లాభం మీద 12.5 శాతం పన్ను పడుతుంది. ధర రెట్టింపైందనుకుంటే అమ్మిన మొత్తంలో సుమారు 6 శాతం పన్నుకే పోతుంది, అంటే 80 గ్రాములకి 75 గ్రాములే మిగులుతాయి. ఆ 5 గ్రాములు, చివర్లో కట్టే తరుగు, మజూరి రూపాయల లెక్కలో ముందే కలుపుకోండి. మేము 24 లక్షల్లో వాటికి చోటు ఉంచే లెక్క వేశాం.

షాపుల వాళ్ల 11 నెలల బంగారం స్కీములు ఆఖరి ఏడాదికి పనికొస్తాయేమో గానీ పదేళ్ల పొదుపుకి కాదు. అది ఆ షాపుకి మీరిచ్చే అడ్వాన్సు, బ్యాంకు డిపాజిట్ కాదు, షాపు మూతపడితే బీమా ఏమీ ఉండదు.

రూపాయల వాటాకి ఏమేం ఉన్నాయి

ఆడపిల్ల అనగానే సుకన్య సమృద్ధి గుర్తొస్తుంది, గుర్తు రావాలి కూడా. కానీ పాపకి పదేళ్లు దాటితే కొత్త ఖాతా తెరవనివ్వరు. పెళ్లికి పదేళ్లుంది అనే ఇళ్లలో చాలావరకు పాపకి అప్పటికే 12, 14 ఏళ్లుంటాయి, కాబట్టి ముందే తెరిచి ఉంటేనే ఇది మీకు వర్తిస్తుంది. తమ్ముడు 2015లో పథకం వచ్చిన కొత్తలోనే తెరిచాడు, ఏటా 24 వేలు కడుతున్నాడు, ఇప్పుడు అందులో సుమారు 4 లక్షలున్నాయి. ఇంకో నాలుగేళ్లు కట్టాలి, ఆ తర్వాత కట్టకుండానే వడ్డీ పెరుగుతూ పోతుంది. 2024 జనవరిలో వడ్డీని 8.2 శాతానికి పెంచారు గానీ మూడు నెలలకోసారి మార్చే అధికారం ప్రభుత్వానికి ఉంది కాబట్టి మేము 7.5 శాతమే వేసుకున్నాం. అలా చూసినా 2036కి 10 లక్షల దగ్గర, దాని మీద పన్ను లేకుండా వస్తుంది.

అయితే దీంట్లో అందరూ పట్టించుకోని ఒక చిక్కుంది. ఖాతా 21 ఏళ్లు నిండకముందే పెళ్లి కోసం మూసేయాలంటే అమ్మాయికి 18 నిండాలి, పైగా పెళ్లికి నెల రోజుల ముందు నుంచి పెళ్లయిన మూడు నెలల లోపు మాత్రమే మూయనిస్తారు. హాలు అడ్వాన్సు ఏమో ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది ముందే కట్టాలి, ఎందుకంటే ఆషాఢం, మూఢం పోగా మిగిలిన మంచి ముహూర్తాలకి ఎంవీపీ కాలనీ నుంచి కూర్మన్నపాలెం వరకు హాళ్లన్నీ ముందే నిండిపోతాయి. కాబట్టి సుకన్య డబ్బుని ఆఖరి బిల్లులకి కేటాయించుకోవాలి: వంటవాళ్ల బాకీ, డెకరేషన్ బాకీ, ఆ వారం చిల్లర ఖర్చులు. అడ్వాన్సులు వేరే చోటు నుంచి రావాలి.

24లో 10 పోతే మిగిలింది 14 లక్షలు. దీనికి పీపీఎఫ్ ఇప్పుడు తెరిస్తే 15 ఏళ్ల గడువు, పెళ్లికి పూర్తిగా చేతికి రాదు. "అమ్మాయి పెళ్లి పాలసీ" అని ఏజెంట్లు తెచ్చే ఎండోమెంట్ పాలసీల్లో రాబడి సాధారణంగా 5, 6 శాతం చుట్టూనే ఉంటుంది, ఖర్చు 7 శాతం పెరుగుతుంటే ఇది వెనకబడుతుంది. తండ్రికి ఏమైనా అయితే అన్న భయానికి పాలసీ కావాలంటే విడిగా టర్మ్ ఇన్సూరెన్స్ తీసుకోండి, తక్కువలో అయిపోతుంది.

స్థలం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే విశాఖలో పెళ్లి పొదుపు అంటే ఆనందపురం వైపో సబ్బవరం వైపో 200 గజాలు కొనిపడేయడమే అనుకునేవాళ్లు చాలామంది. విలువ బాగా పెరగొచ్చు, కాదనను. కానీ పెళ్లి దగ్గర పడేకొద్దీ కొంచెం కొంచెంగా భద్రమైన చోటికి మార్చుకోవడం స్థలంతో కుదరదు, మూడో వంతు స్థలం ఈ ఏడాది, మూడో వంతు వచ్చే ఏడాది అని అమ్మలేం. అమ్మకానికి పెట్టాక బయానా ఇచ్చినవాడు మిగతా డబ్బుకి బ్యాంకు లోన్ అంటాడు, లేఅవుట్‌కి అనుమతి ఉందా, సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందా, ఈసీలో ఏముంది అని వాళ్ల లాయరు అడుగుతాడు, అలా నెలలు గడుస్తాయి. ముహూర్తం పెట్టుకున్నవాడికి తొందర అని కొనేవాడికి తెలిస్తే రేటు అక్కడే తగ్గుతుంది. ఇప్పటికే స్థలం ఉండి దాంతోనే పెళ్లి చేయాలనుకుంటే పెళ్లికి మూడేళ్ల ముందే అమ్మకానికి పెట్టండి, చివరి ఏడాదికి వదలొద్దు.

చిట్టీల మాట. రిజిస్టర్ అయిన చిట్టీకి 1982 నాటి చట్టం రక్షణ ఉంది, రిజిస్టర్ కానిది ఎంత తెలిసినవాళ్లు వేసినా వద్దు. రిజిస్టర్ అయినదాన్ని కూడా పెళ్లి డబ్బుకి ప్రధాన దారిగా నేను పెట్టను. కమీషన్ 7 శాతం దాకా ఉండొచ్చు. మధ్యలో పాడుకుంటే మిగతా వాయిదాలకి జామీనుదారులను చూపించాలి, వాళ్ల జీతం కాగితాలు, సంతకాలు అన్నీ అయ్యేదాకా డబ్బు చేతికి రాదు, ఒక్కోసారి వారాలు పడుతుంది.

మిగిలినవి రెండు: బ్యాంకు లేదా పోస్టాఫీసు డిపాజిట్లు, షేర్ల ఫండ్లో నెలనెలా కొంత పెట్టే సిప్. పదేళ్లూ ఆర్‌డీలోనే ఉంటే టెన్షన్ లేదు గానీ వడ్డీ మీద పన్ను పోయాక ఖర్చుల పెరుగుదలను అందుకోవడం కష్టం. పదేళ్లూ షేర్లలోనే ఉంటే రాబడి ఎక్కువ రావచ్చు గానీ చివర్లో ఏం జరుగుతుందో ఎవరి చేతిలోనూ లేదు. అందుకని మొదటి ఆరేళ్లు షేర్లు, తర్వాత నాలుగేళ్లు మెల్లగా డిపాజిట్లు. మా ఎంపిక ఇదే: నెలకి 8 వేలు, నిఫ్టీలోని 50 పెద్ద కంపెనీల షేర్లనే కొనే ఒక నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో, ఏజెంటు కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్.

వెనక్కి తీయడం: చివరి నాలుగేళ్ల లెక్క

నాలుగేళ్లు ఎందుకు, ఆఖరి ఏడాదిలో తీస్తే సరిపోదా అంటారు. 2008 జనవరిలో సెన్సెక్స్ 21 వేల దగ్గర ఉంది, అదే ఏడాది అక్టోబరుకి 8,500కి పడింది. మళ్లీ 21 వేల దగ్గరకి రావడానికి 2010 నవంబరు దాకా పట్టింది. అంటే పడిన చోటు నుంచి లేవడానికి రెండేళ్లు, పడటంతో కలిపితే దాదాపు మూడేళ్లు. 2020లో నిఫ్టీ జనవరిలో 12,400 దగ్గర ఉండి మార్చి 23 నాటికి 7,600కి వచ్చేసింది, ఈసారి అదే ఏడాది నవంబరుకి కోలుకుంది. ఏ పతనం ఏ రకమో ముందు తెలియదు. ఆ మార్చిలో 10 లక్షలు ఉన్నాయనుకున్నవాళ్లకి కనిపించింది 6 లక్షల చిల్లరే, ముహూర్తం మాత్రం నవంబరు దాకా ఆగదు.

తమ్ముడి లెక్కలో ఇది ఇలా సాగుతుంది. ఆరేళ్లు నెలకి 8 వేలు, రాబడి 10 శాతం అనుకుంటే (ఇది ఊహే, హామీ కాదు) ఫండ్‌లో 7 లక్షల 85 వేలు అవుతాయి. పెళ్లికి నాలుగేళ్లుందనగా మొదట చేయాల్సింది పాత డబ్బు కదపడం కాదు, కొత్త వాయిదాలు మళ్లించడం. సిప్ ఆపేసి అదే 8 వేలు ఆర్‌డీలో వేయాలి. ఇలా మళ్లించినందుకు పన్ను లేదు, ఏదీ అమ్మనక్కర్లేదు, మనసుకి కూడా తేలిక. ఈ నాలుగేళ్ల ఆర్‌డీ ఒక్కటే 6.5 శాతం మీద 4 లక్షల 30 వేలు దాటుతుంది.

పెళ్లికి మూడేళ్లున్నప్పుడు ఫండ్‌లో ఉన్నదాంట్లో మూడో వంతు అమ్మి ఎఫ్‌డీ. రెండేళ్లున్నప్పుడు మిగిలినదాంట్లో సగం. ఏడాది ఉందనగా మిగతా అంతా. ఆ తర్వాత షేర్లలో పెళ్లి డబ్బు ఒక్క రూపాయి కూడా ఉండదు. తక్కువ రాబడి వచ్చే ఈ నాలుగేళ్లను కలుపుకున్నాక కూడా మొత్తం 14 లక్షలకి కొంచెం పైనే తేలింది.

మూడు ముక్కలుగా అమ్మడానికి ఇంకో కారణం పన్ను. ఏడాది దాటిన షేర్ల ఫండ్ లాభంలో ఒక ఆర్థిక సంవత్సరానికి లక్షా 25 వేల దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. మొత్తం చివర్లో ఒకేసారి అమ్మితే లాభం 4 లక్షల 70 వేల దగ్గర ఉండి 43 వేల దాకా పన్ను పడుతుంది. మూడు వేర్వేరు ఆర్థిక సంవత్సరాల్లో అమ్మితే ఒక్కో ముక్క మీద లాభం ఆ లక్షా 25 వేల చుట్టూనే ఉంటోంది, పన్ను దాదాపు ఉండదు. అందుకని అమ్మే తేదీ ఏటా ఏప్రిల్‌లో పెట్టుకోమన్నాను. మార్చిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి అమ్మితే వేర్వేరు సంవత్సరాలే గానీ మధ్యలో నెల కూడా తేడా ఉండదు, మూడేళ్లకి విస్తరించిన లాభం పోతుంది.

సరే, మొదటి ముక్క అమ్మాల్సిన ఏప్రిల్‌లో మార్కెట్ పడిపోయి ఉంటే? ఇక్కడే జనం తడబడతారు. నా పద్ధతి ఇది: మూడేళ్లున్నప్పుడు మార్కెట్ ముందరి గరిష్ఠం నుంచి 20 శాతానికి మించి పడి ఉంటే, ఆ ఒక్క ముక్కని ఏడాది ఆపొచ్చు. రెండేళ్లున్నప్పుడు ఆపడానికి వీల్లేదు, ఎంత పడినా ఆ ఏడాది అమ్మాల్సింది, ఆపినదానితో సహా, అమ్మాలి. అప్పుడు తగ్గిన మేరకు పెళ్లి ఖర్చు తగ్గించుకోవడానికి ఇంకా రెండేళ్ల టైముంటుంది. సింహాచలంలోనో అన్నవరంలోనో పెళ్లి చేసి, ఇంటి దగ్గర భోజనాలు పెట్టుకోవచ్చు. అదే నిర్ణయం పెళ్లికి నెల ముందు తీసుకోవాలంటే అందరికీ నరకం. దీనికి ఎదురు పరిస్థితి కూడా ఉంది. మార్కెట్ బాగా పెరిగి ఏడో ఏడాదికే అనుకున్న మొత్తం వచ్చేస్తే తేదీల కోసం ఆగొద్దు, కావాల్సినంతా అప్పుడే డిపాజిట్లలోకి తెచ్చేయండి. ఇంకాస్త పెరుగుతుందేమో అన్న ఆశకి ఈ డబ్బు తగదు.

తీసిన డబ్బు ఎక్కడ పెట్టాలి అంటే, పెద్దగా ఆలోచించక్కర్లేదు. ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి వడ్డీతో కలిపి 5 లక్షల దాకానే డిపాజిట్ బీమా ఉంటుంది, కాబట్టి రెండు మూడు బ్యాంకుల్లోనో, ఒకటి బ్యాంకు ఒకటి పోస్టాఫీసులోనో పెట్టుకోండి. అర శాతం వడ్డీ ఎక్కువ వస్తుందని పేరు తెలియని సొసైటీల్లో వేయొద్దు. ఎఫ్‌డీల గడువులు మాత్రం ఖర్చు తేదీలకి సరిపోవాలి: ఒకటి పెళ్లికి ఏడాది ముందు హాలు అడ్వాన్సుకి, ఒకటి నాలుగు నెలల ముందు బట్టలకి, నగల తరుగు మజూరీకి, ఆర్‌డీ పెళ్లికి నెలన్నర ముందు వంటవాళ్ల అడ్వాన్సుకి. ఒకే పెద్ద ఎఫ్‌డీ వేస్తే చిన్న అవసరానికి మొత్తం విరగ్గొట్టాలి, ముందే తీసినందుకు వడ్డీ కోత కూడా పడుతుంది.

తేదీ మారితే

పెళ్లి తేదీ పరీక్ష తేదీలాంటిది కాదు, జరుగుతుంది. అమ్మాయి పీజీ చేస్తానంటే రెండేళ్లు వెనక్కి, మంచి సంబంధం కుదిరితే ఏడాది ముందుకి. అందుకని మార్పుల లెక్కని మీరు ఊహించగల తేదీల్లో ముందుదాని నుంచి వేసుకోండి. 24 నుంచి 26 మధ్య అనుకుంటే 24 నుంచే వెనక్కి లెక్కపెట్టండి. వెనక్కి జరిగితే ఎఫ్‌డీలని మళ్లీ ఏడాది రెన్యువల్ చేయించుకోవడమే, ఎఫ్‌డీ డబ్బుని తిరిగి షేర్లలోకి మాత్రం తీసుకెళ్లొద్దు. ఆ ఏడాది రెండేళ్ల అదనపు రాబడి కోసం మళ్లీ మొదటి భయానికే వెళ్లినట్టవుతుంది. నెల వాయిదా ఆర్‌డీ కొనసాగిస్తే పెరిగిన ఖర్చుకి అదే సరిపోతుంది.

ముందుకి జరిగితే ఏం చేయాలన్నది కూడా ఇప్పుడే అనుకోండి. పెళ్లికి ఏడాదే ఉందని తెలిసిన రోజున షేర్లలో ఎంత ఉంటే అంతా, పన్ను పడినా సరే, ఆ నెలలోనే తీసేయాలి. సుకన్య మాత్రం ఎంత ముందుకి జరిగినా పెళ్లికి నెల ముందే వస్తుంది, అదీ అమ్మాయి సంతకంతో స్టాంపు పేపరు మీద నోటరీ చేయించిన డిక్లరేషన్, వయసు రుజువు ఇస్తేనే. ఆ కాగితాలు ముహూర్తం పెట్టుకున్న వారంలోనే సిద్ధం చేసి, పోస్టుమాస్టరుకి ఒకసారి చూపించుకుంటే ఆఖరి నెలలో పోస్టాఫీసు చుట్టూ తిరగక్కర్లేదు.